ముందు ఏ ఎత్తు చూడాలి?

చదరంగం ఆడే ఒక ప్రోగ్రామ్‌కు చిన్న పని అప్పజెబుదాం. ఆట మధ్యలో ఉంది. ఎవరి వంతు వచ్చినా ఆడగలిగే ఎత్తులు 30 దాకా ఉన్నాయి. నాదొకటి, నీదొకటి చొప్పున ఎనిమిది ఎత్తుల దాకా ముందుకు చూసి, ఇప్పుడు ఏది ఆడితే మంచిదో చెప్పమందాం. ఒక్క దారి కూడా వదలకుండా చూస్తే చివర్లో తేలే స్థితులు 65,610 కోట్లు. సెకనుకు పది లక్షల స్థితులు చూడగలిగినా వారం రోజులు దాటిపోతుంది. ఇదే ప్రశ్నకు, సరిగ్గా ఇదే జవాబును, 16 లక్షల 20 వేల స్థితులు మాత్రమే చూసి కూడా చెప్పవచ్చు. అది సెకనున్నర పని.

ఈ రెండో పద్ధతిలో ఊహలు లేవు, అదృష్టం మీద ఆధారపడటం లేదు. జవాబులో రవ్వంత తేడా రాదు. ఆల్ఫా-బీటా అనే కోత పద్ధతితో ఇది సాధ్యమవుతుంది. అయితే ఆ కోత అంతగా పనిచేయాలంటే ఒక షరతు ఉంది. మంచి ఎత్తును ముందు చూడాలి. వరుస తలకిందులైతే ఇదే ఆల్ఫా-బీటా 65,610 కోట్లలో ఒక్కటి కూడా తగ్గించలేక చేతులెత్తేస్తుంది. చదరంగం ప్రోగ్రామ్‌లు రాసేవాళ్లు ఎత్తుల వరుస కోసం అంత తంటాలు పడేది అందుకే.

ముందుగా కోత సంగతి చూద్దాం. ప్రోగ్రామ్ ముందుకు చూడటం అంటే ఎత్తులకు పైఎత్తులు వేసుకుంటూ ఒక చెట్టులా విస్తరించుకుంటూ పోవడం. అనుకున్న లోతు దాకా వెళ్లాక అక్కడి స్థితికి ఒక అంకె వేస్తుంది. బంటుకు 1, గుర్రానికి, శకటానికి 3 చొప్పున, ఏనుగుకు 5, మంత్రికి 9 అని లెక్కగట్టి, ఎవరి దగ్గర ఎంత బలగం మిగిలిందో కూడుతుంది. రాజు ఎంత భద్రంగా ఉన్నాడు, బంట్లు ఎలా నిలబడ్డాయి వంటివి కూడా కొంత కలుపుతుంది. అంకె పెద్దదైతే మనకు మంచిది, చిన్నదైతే అవతలివాడికి మంచిది. మన వంతులో పెద్ద అంకె వైపు పోతాం, అతని వంతులో అతను చిన్న అంకె వైపు లాగుతాడు. 30 ఎత్తులన్న సగటును లెక్కలోకి తెచ్చింది క్లాడ్ షానన్. కంప్యూటర్‌తో చదరంగం ఎలా ఆడించవచ్చో వివరిస్తూ 1950లో ఆయన రాసిన వ్యాసమే ఈ రంగానికి మొదటి మెట్టు.

ఇప్పుడు బాగా చిన్న చెట్టును తీసుకుందాం. మనకు మూడే ఎత్తులున్నాయి. ఒకటి ఏనుగుతో, ఒకటి గుర్రంతో, ఒకటి బంటుతో. ప్రతిదానికీ అవతలివాడికి మూడేసి పైఎత్తులు. ఏనుగు ఎత్తు వేస్తే అతని మూడు జవాబుల తర్వాత స్థితుల విలువలు 4, 6, 5. గుర్రం ఎత్తుకు 2, 7, 9. బంటు ఎత్తుకు 1, 8, 3. అతను ఎప్పుడూ చిన్నదాన్నే ఎంచుకుంటాడు కాబట్టి మనకు దక్కేవి ఏనుగుతో 4, గుర్రంతో 2, బంటుతో 1. ఏనుగే మంచిది.

ఏనుగుతో మొదలుపెట్టామనుకోండి. మూడు జవాబులూ చూశాం, 4 ఖాయం. ఇప్పుడు గుర్రం ఎత్తుకు వచ్చాం. అతని మొదటి జవాబులోనే 2 కనబడింది. మిగతా రెండు జవాబులు ఎంతైనా కానివ్వండి, అతను మనకు 2 కంటే ఎక్కువ దక్కనివ్వడు. చేతిలో అప్పటికే 4 ఉంది. ఇక గుర్రం వైపు చూడటం దండగ. కొమ్మ అక్కడితో తెగిపోయింది. బంటు ఎత్తుకు మొదటి జవాబులో 1 కనబడగానే అదీ తెగిపోయింది. మొత్తం చూసినవి ఐదు స్థితులు.

ఇదే చెట్టును తప్పుడు వరుసలో చూద్దాం. ముందు బంటు. జవాబుల్లోనూ అతనికి పనికిరానిది ముందు, పనికొచ్చేది చివర అన్నమాట. 8, 3, 1. మూడూ చూస్తే గానీ 1 అని తేలలేదు. తర్వాత గుర్రం. 9 చూశాం, 1 కంటే మెరుగే, ఆపలేం. 7 చూశాం, ఆపలేం. 2 చూశాం, అదీ 1 కంటే ఎక్కువే. చివరకు ఏనుగు. 6, 5, 4 మూడూ చూడాల్సిందే. మొత్తం తొమ్మిది. ఒక్క కోత కూడా పడలేదు. రెండుసార్లూ జవాబు ఏనుగే, విలువ 4. ఒకసారి ఐదుతో తేలిపోయింది, ఒకసారి తొమ్మిదీ చూడాల్సొచ్చింది.

మన చేతిలో అప్పటికే ఖాయమైన ఆ 4కు ఆల్ఫా అని పేరు. అవతలివాడి వైపు నుంచి అతనికి ఖాయమైనదానికి బీటా అని పేరు. చెట్టు లోతుగా ఉన్నప్పుడు ఈ రెండు హద్దులనూ వెంటబెట్టుకుని కిందికి దిగుతారు. ఆ హద్దులు దాటిన చోటల్లా కోత పడుతుంది.

మూడు ఎత్తుల చెట్టులో తొమ్మిదికి ఐదంటే పెద్ద లాభంలా అనిపించదు. లోతు పెరిగే కొద్దీ ఇది ఎందుకు అంత భారీగా మారుతుందో అర్థం కావాలంటే ఒక తేడాను గమనించాలి. కుండ పనికిరాదని చెప్పడానికి ఒక్క చిల్లు చూపిస్తే చాలు. బాగుందని చెప్పాలంటే మాత్రం చుట్టూ తడిమి చూడాలి. ఎత్తులూ అంతే. మన ఎత్తు చెడ్డదని తేల్చడానికి అవతలివాడి జవాబు ఒక్కటి దొరికితే సరిపోతుంది. మంచిదని తేల్చడానికి అతని 30 జవాబులూ చూడాలి. అందువల్ల చెడ్డ ఎత్తుల కింద చెట్టు ఒక మెట్టులో 30 కొమ్మలుగా, మరుసటి మెట్టులో ఒకే కొమ్మగా, మళ్లీ 30గా, మళ్లీ ఒకటిగా పెరుగుతుంది. ఎనిమిది మెట్ల లోతులో నాలుగు మెట్లే 30 రెట్లు విస్తరిస్తాయి. 30ని నాలుగుసార్లు హెచ్చిస్తే 8,10,000. మన వైపు నుంచి ఒకసారి, అతని వైపు నుంచి ఒకసారి ఈ లెక్క వస్తుంది. రెండింటిలోనూ ఉమ్మడిగా ఉన్న ఒక దారిని తీసేస్తే 16,19,999. మొదట్లో చెప్పిన 16 లక్షల 20 వేలు ఇదే. డొనాల్డ్ నూత్, రోనాల్డ్ మూర్ 1975లో ఈ లెక్కను పక్కాగా నిరూపించారు. వరుస ఎంత బాగున్నా ఇంతకంటే తగ్గించడం ఆల్ఫా-బీటాకు కుదరదు. ఇంకోలా చెప్పాలంటే, అంతే సమయంలో రెట్టింపు లోతు చూడవచ్చు.

వరుసను పట్టించుకోకుండా, ఎత్తులు ఎలా దొరికితే అలా చూస్తే? అప్పుడు కోత మధ్యస్థంగా పడుతుంది. ఎనిమిది మెట్లకు గాను సుమారు ఆరు మెట్లు విస్తరించినట్టు లెక్క. అంటే 73 కోట్ల దాకా. సెకనుకు పది లక్షల చొప్పున పన్నెండు నిమిషాలు. వారంతో పోలిస్తే హాయే గానీ సెకనున్నరతో పోలిస్తే దేనికీ కొరగాదు.

ఇక్కడే అసలు చిక్కు. మంచి ఎత్తును ముందు చూడమంటున్నాం. ఏది మంచి ఎత్తో తెలిస్తే ఇంత వెతుకులాట ఎందుకు? ఏది మంచిదో తెలుసుకోవడానికే కదా వెతుకుతున్నది!

ఈ చిక్కును విప్పిన ఉపాయం మొదటిసారి వింటే తెలివితక్కువ పనిలా ఉంటుంది. ఎనిమిది ఎత్తుల లోతు కావాలంటే నేరుగా ఎనిమిదికి పోవద్దు. ముందు ఒక ఎత్తు లోతు చూడు. అయ్యాక అంతా మొదటి నుంచి మళ్లీ రెండెత్తుల లోతు చూడు. మళ్లీ మొదటి నుంచి మూడు. ఇలా ఎనిమిది దాకా. దీన్నే ఇటరేటివ్ డీపెనింగ్ అంటారు. ప్రతి విడతలో తేలిన మంచి ఎత్తును తర్వాతి విడతలో అందరికంటే ముందు నిలబెడతారు. ఏడెత్తుల లోతులో మంచిదనిపించింది ఎనిమిదిలోనూ మంచిదయ్యే అవకాశం చాలా ఎక్కువ. కచ్చితమైన జవాబు తెలియకపోయినా, దాదాపు సరైన జవాబు చవగ్గా దొరుకుతుంది. వరుసకు అది చాలు.

చేసిన పనే మళ్లీ చేయడం దండగ కాదా? ఇక్కడ పుస్తకాల్లో తరచూ కనబడే సమాధానం ఒకటుంది. ప్రతి విడతా ముందుదానికి 30 రెట్లు పెద్దది కాబట్టి, ముందు విడతలన్నీ కలిపినా ఆఖరిదానిలో మూడు, నాలుగు శాతానికి మించవు అని. కోత లేని చెట్టుకు ఆ లెక్క నిజమే. బాగా కోత పడే చెట్టుకు మాత్రం అది సరిపోదు. ఇంత మంచి పద్ధతికి తప్పుడు లెక్కతో వకాల్తా అవసరం లేదు గనుక అసలు లెక్కే చూద్దాం.

వరుస అన్నివిధాలా బాగుందనుకుంటే ఒకటో విడతలో చూసే ఆఖరి స్థితులు 30. రెండో విడతలో 59. మూడులో 929, నాలుగులో 1,799. అయిదులో 27,899, ఆరులో 53,999. ఏడో విడతలో 8,36,999. ఎనిమిదో విడతలో 16,19,999. పెరుగుదల ఎగుడుదిగుడుగా ఉంది, గమనించండి. బేసి నుంచి సరికి వెళ్లేటప్పుడు రెట్టింపు మాత్రమే. సరి నుంచి బేసికి వెళ్లేటప్పుడు ఒకేసారి పదిహేను రెట్లు. కాబట్టి ఎనిమిది దగ్గర ఆపితే ముందు ఏడు విడతల ఖర్చు 9 లక్షల 22 వేలు. ఆఖరి విడత మీద 57 శాతం అదనం! తొమ్మిది దగ్గర ఆపితే ఆఖరి విడతే రెండున్నర కోట్లు దాటుతుంది కాబట్టి అదనం పది శాతానికి దిగుతుంది.

57 శాతం చిన్న ఖర్చేమీ కాదు. కానీ పోల్చాల్సింది ఆ 16 లక్షలతో కాదు. ముందు విడతలు లేకపోతే ఆ మంచి వరుస మనకు దొరికేదే కాదు. వరుస లేని వెతుకులాట 73 కోట్లు. విడతలన్నీ కలుపుకున్నా మొత్తం ఖర్చు 25 లక్షల 42 వేలు. ఆచరణలో వరుస ఎప్పుడూ అంత నిఖార్సుగా ఉండదు, అసలు సంఖ్య ఈ రెంటి మధ్య ఎక్కడో పడుతుంది. అయినా బేరం లాభసాటిదే.

ఈ ఆలోచన పుట్టుకలో వేగం ఒక్కటే లేదు, గడియారం కూడా ఉంది. పోటీలో ప్రోగ్రామ్‌కు ఇన్ని నిమిషాల్లో ఇన్ని ఎత్తులని కట్టుబాటు ఉంటుంది. ఎనిమిది ఎత్తుల లోతు చూడటానికి ఎంతసేపు పడుతుందో ముందుగా చెప్పలేం. బలగం తక్కువగా ఉంటే సెకన్లలో అయిపోతుంది, అన్నీ ఒకదాన్నొకటి గురిచూస్తున్న స్థితిలో ఎంతకీ తెమలదు. విడతల వారీగా పోతే ఎప్పుడు ఆపమన్నా చేతిలో ఒక ఎత్తు సిద్ధంగా ఉంటుంది. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్లేట్, లారీ ఆట్కిన్ తీర్చిదిద్దిన చెస్ 4.5 ఇలాగే నడిచేది. దాని లోపలి పనితీరును వాళ్లు 1977లో విపులంగా రాశాక, తర్వాతి ప్రోగ్రామ్‌లకు అదే నమూనా అయింది. గడియారం కోసం పెట్టుకున్న ఏర్పాటు వేగాన్ని తగ్గించకపోగా పెంచింది.

మనుషులు ఈ పని అంతకు ముందు నుంచే చేస్తున్నారు. అడ్రియాన్ డి గ్రూట్ అనే డచ్చి మనస్తత్వ శాస్త్రవేత్త చదరంగం ఆటగాళ్లను పైకి మాట్లాడుతూ ఆలోచించమని, ఆ మాటల్ని రాసుకుని 1946లో గ్రంథంగా వెలువరించాడు. ఒక ఎత్తును కొంచెం చూడటం, వదిలి ఇంకోదానికి పోవడం, మళ్లీ మొదటిదానికే వచ్చి ఈసారి ఇంకొంచెం లోతుకు వెళ్లడం ఆ ఆటగాళ్లలో పదేపదే కనబడింది.

ఇప్పటిదాకా చెప్పిన వరుస చెట్టు మొదట్లోని 30 ఎత్తులకే అయితే లాభం అంతంత మాత్రమే. కోత చెట్టంతటా పడాలి. నాలుగో మెట్టులో, ఆరో మెట్టులో ఉన్న లక్షల స్థితుల్లో ఒక్కొక్కచోట ఏ ఎత్తు ముందు చూడాలో ఎలా తెలుస్తుంది? ముందు విడతలో అదే స్థితికి వచ్చినప్పుడు ఏది మంచిదని తేలిందో రాసిపెట్టుకోవాలి. ఆ చిట్టాకే ట్రాన్స్‌పొజిషన్ టేబుల్ అని పేరు.

ఒక స్థితిని చిట్టాలో క్షణంలో వెతికి పట్టుకోవడానికి ఆల్బర్ట్ జోబ్రిస్ట్ 1970లో చెప్పిన ఉపాయాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. పన్నెండు రకాల పావులు, 64 గళ్లు. ఒక్కో పావు ఒక్కో గడిలో ఉండటానికి ఒక్కో పెద్ద యాదృచ్ఛిక సంఖ్య, మొత్తం 768. వంతు ఎవరిది వంటి వివరాలకు ఇంకొన్ని. బల్ల మీద ఉన్న పావుల సంఖ్యలన్నింటినీ ఎక్స్‌ఓఆర్ అనే లెక్కతో కలిపితే ఆ స్థితికి ఒక గుర్తింపు సంఖ్య వస్తుంది. ఒక పావు కదిలితే పాత గడి సంఖ్యను తీసి కొత్త గడి సంఖ్యను కలిపితే చాలు, మొత్తం మళ్లీ కట్టక్కర్లేదు. గుర్రం ముందు కదిలి శకటం తర్వాత కదిలినా, శకటం ముందు కదిలి గుర్రం తర్వాత కదిలినా చివరికి అదే సంఖ్య, చిట్టాలో అదే గడి.

ఆ గడిలో నాలుగు సంగతులు రాస్తారు. విలువ ఎంత, అది కచ్చితమైనదా లేక హద్దు మాత్రమేనా, ఎంత లోతు చూసి తేల్చాం, ఏ ఎత్తు మంచిది. ఐదెత్తుల లోతులో రాసుకున్న విలువ, ఆరెత్తుల లోతు కావలసిన చోట పనికిరాదు. అది పాతబడిన లెక్క. కానీ దాని పక్కన రాసుకున్న ఎత్తు మాత్రం పనికొస్తుంది. విలువను నమ్మక్కర్లేదు, ఎత్తును ముందు చూస్తే చాలు. తప్పయినా నష్టం కొద్ది సమయమే గానీ జవాబు చెడదు. ప్రతి విడతా తన తర్వాతి విడత కోసం ఈ చిట్టాను నింపిపోతుంది. విడతల పద్ధతికి, ఎత్తుల వరుసకు ముడి పడేది ఇక్కడే.

చిట్టాలో లేని స్థితులూ బోలెడు ఉంటాయి. అక్కడ కొన్ని మోటు సూత్రాలు వాడతారు. చంపే ఎత్తులు ముందు. వాటిలోనూ పెద్ద పావును చిన్న పావుతో చంపేవి ముందు. బంటుతో మంత్రిని కొట్టేది మొదట, మంత్రితో బంటును కొట్టేది చివర. ఇది చవకబారు సూత్రంలా ఉన్నా భలే పనిచేస్తుంది. ఎందుకంటే చెట్టులో ఎక్కువ భాగం పిచ్చి ఎత్తులే. మంత్రిని తీసుకెళ్లి బంటు నోట్లో పెట్టడం వంటివి. వాటికి జవాబు కొట్టెయ్యడమే.

చంపుడు లేని ఎత్తులకు ఇంకో చిట్కా ఉంది, దాన్ని కిల్లర్ అంటారు. ఒక స్థితిని ఊహించండి. మన రాజు మూలకు దగ్గరగా మొదటి వరుసలో ఉన్నాడు. ఎదురుగా మన మూడు బంట్లూ గోడ కట్టినట్టు కదలకుండా ఉన్నాయి. అవతలివాడి ఏనుగుకు ఎదుట నిలువు దారి ఖాళీగా ఉంది, అది మన మొదటి వరుసకు దిగితే రాజుకు కట్టు, ఆట ముగిసినట్టే. ఇప్పుడు మన వంతు. బల్ల రెండో వైపున ఉన్న ఒక బంటును ఒక గడి జరిపాం. ప్రోగ్రామ్ అవతలివాడి జవాబులు వెతికి వెతికి, ఏనుగు దిగితే కట్టని కనిపెట్టింది. ఆ ఎత్తు తెగిపోయింది. తర్వాత మన గుర్రాన్ని ఎక్కడో దూరంగా కదిపాం. మళ్లీ మొదటి నుంచి వెతకడమెందుకు? ఇందాక పనిచేసిన ఆ ఏనుగు ఎత్తునే ముందు చూస్తే సరి. మళ్లీ కట్టే. మన 30 ఎత్తుల్లో పాతికకు ఇదే జవాబు, తొలి ప్రయత్నంలోనే కోత. రాజుకు ఊపిరాడేలా పక్క బంటును జరిపినప్పుడో, మన ఏనుగును వెనక్కి తెచ్చినప్పుడో మాత్రమే వేరే జవాబు వెతకాలి. అందుకే ఒక్కో లోతుకు ఇటీవల కోత వేసిన ఎత్తులు ఒకటో రెండో గుర్తుంచుకుంటారు. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. పక్క కొమ్మలో చెల్లిన ఎత్తు ఇక్కడ చెల్లకపోవచ్చు. మనం మన ఏనుగును తెచ్చి అతని రాజుకూ ఏనుగుకూ ఒకే వరుసలో గురిపెట్టామంటే, తన రాజుకు అడ్డంగా నిలిచిన ఆ ఏనుగు దారి వదిలి కదలలేదు. ఆ తనిఖీ చేయకుండా చిట్కా ఎత్తును వేసేస్తే ప్రోగ్రామ్ నియమం తప్పిన ఆట ఆడుతుంది.

జోనాథన్ షేఫర్ 1983లో దీన్ని ఇంకా విస్తరించి, ఏ ఎత్తు చెట్టు మొత్తంలో ఎన్నిసార్లు కోత వేసిందో లెక్కపెట్టి దాన్ని బట్టి వరుస వేసే పద్ధతి తెచ్చాడు.

ఈ పనిలో పొరపాట్ల స్వభావం వేరు. కోతలోనే పొరపాటు చేస్తే ప్రోగ్రామ్ పిచ్చి ఎత్తులు ఆడి వెంటనే దొరికిపోతుంది. వరుసలో పొరపాటు చేస్తే ఎవరికీ తెలియదు. పెద్దదాన్ని ముందు పెట్టాల్సిన చోట చిన్నదాన్ని పెట్టినా ప్రోగ్రామ్ సరైన జవాబే చెబుతుంది, ఆలస్యంగా చెబుతుంది అంతే. లోతు ఒకటి రెండు మెట్లు తగ్గుతుంది, ఆట కొంచెం బలహీనపడుతుంది, కంప్యూటర్ పాతదనుకుని ఊరుకుంటారు. అందుకే రాసేవాళ్లు ఒక అంకెను ఎప్పుడూ కనిపెట్టి ఉంటారు. కోత పడిన చోట్లలో ఎన్నిచోట్ల మొట్టమొదటి ఎత్తుకే పడింది అన్నది ఆ అంకె. మంచి ప్రోగ్రామ్‌లో అది 90 శాతం చుట్టుపక్కల ఉంటుంది. 60, 70 అని వస్తే వరుస వేసే చోట ఏదో తేడా ఉన్నట్టే.

బాగా అనుభవం ఉన్నవాళ్లను కూడా బోల్తా కొట్టించే చోటు ఇంకొకటుంది. విడత అయ్యాక 30 ఎత్తులనూ వాటి విలువల ప్రకారం పేర్చుకుంటే తర్వాతి విడతకు వరుస సిద్ధమవుతుంది కదా అనిపిస్తుంది. మన చిన్న చెట్టునే చూడండి. ఏనుగు విలువ 4, అది నిజం. బంటుకు 1 అని ఎప్పుడు రాశాం? మొదటి జవాబు చూడగానే ఆపేశాం. అక్కడ మొదట 3 కనబడి ఉంటే 3 దగ్గరే ఆపేసి ఉండేవాళ్లం, అప్పుడు 2 ఉన్న గుర్రం కంటే బంటే మేలన్నట్టు కనబడేది. కోత పడిన ఎత్తుల విలువలు అసలు విలువలు కావు, ఇంతకు మించవు అనే హద్దులు మాత్రమే. వాటిని బట్టి పేర్చడం చీట్లు కలిపినట్టే. మంచిదని తేలిన ఒక్క ఎత్తును ముందుకు తెచ్చి, మిగతావాటిని పాత క్రమంలోనే ఉంచడం మేలు. కొందరు ఏ ఎత్తును తోసిపుచ్చడానికి ఎక్కువ స్థితులు చూడాల్సొచ్చిందో దాన్ని పైకి తెస్తారు. తోసిపుచ్చడం కష్టమైందంటే అందులో ఏదో పస ఉన్నట్టే అని.

విడత మధ్యలో సమయం అయిపోతే? అసంపూర్తి విడతను పారేసి ముందు విడత జవాబునే ఆడటం ఒక పద్ధతి. కానీ ముందు విడతలో మంచిదన్న ఎత్తునే ఈ విడతలో మొదట చూస్తాం కాబట్టి, ఆ తర్వాత దాన్ని మించిన ఎత్తు ఏదైనా పూర్తిగా తేలి ఉంటే దాన్ని ఆడవచ్చు, నష్టం లేదు. ప్రమాదకరమైనది వేరే సందర్భం. కొత్త విడతలో మొదటి ఎత్తు విలువే దబ్బున పడిపోయింది, మిగతావి ఇంకా చూడలేదు. అప్పుడు గంట కొట్టినట్టు ఆపేయకూడదు. ఇలాంటి చోట కొంత అదనపు సమయం ఇచ్చేలా చాలా ప్రోగ్రామ్‌లు రాసుకుంటారు.

నిస్సార లోతు చెప్పిన మాట లోతులో ఎప్పుడూ నిలవదు. మంత్రిని బలిచ్చి నాలుగు ఎత్తుల తర్వాత కట్టు వేసే ఆట ఉందనుకోండి. రెండు, మూడెత్తుల లోతులో అది తొమ్మిది బంట్ల నష్టం. కాబట్టి వరుసలో అట్టడుగున ఉంటుంది. కట్టు కనబడే విడత వచ్చినప్పుడు ప్రోగ్రామ్ మిగతా 29 ఎత్తులనూ చూసుకుంటూ వచ్చి చివర్లో దాన్ని ముట్టుకుంటుంది. ఆ విడత అన్నింటికంటే ఖరీదైనదవుతుంది. వరుస బాగున్న ప్రోగ్రామ్‌కు గొప్ప బలి ఎత్తులే ఎక్కువ శ్రమ పెడతాయి. గో ఆటలో చిక్కు ఇంకా ముదిరింది. అక్కడ ఎత్తులు 250 దాకా ఉండటం ఒకటైతే, మధ్యలో ఆపి స్థితికి నమ్మదగిన అంకె వేయడం అసలే కష్టం. నిస్సారపు విడత ఇచ్చే వరుసకు విలువ లేకపోతే ఈ పద్ధతి అంతా కూలబడుతుంది. గో ప్రోగ్రామ్‌లు చివరికి వేరే దారి పట్టాయి.

ఇదంతా కళ్లారా చూడాలంటే స్టాక్‌ఫిష్ అనే ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది. బల్ల బొమ్మలేవీ లేకుండా దాన్ని నేరుగా తెరిచి ఈ రెండు వరుసలు టైప్ చేయాలి.

```
position startpos
go depth 20
```

తెర మీద `depth 1`, `depth 2`, `depth 3` అంటూ ఒక్కో విడతకు ఒక్కో వరుస వస్తుంది. `nodes` పక్కన ఉన్నది అప్పటిదాకా చూసిన స్థితుల మొత్తం, `pv` పక్కన ఉన్నది ఆ విడతలో ఇద్దరికీ మంచిదని తేలిన ఆట. ఒక విడతలో పెరిగిన స్థితులను ముందు విడతలో పెరిగినవాటితో భాగిస్తే లోతు ఒక మెట్టు పెరగడానికి ఎన్ని రెట్ల పని పట్టిందో తెలుస్తుంది. చదరంగంలో ఎత్తులు 30 దాకా ఉన్నా ఆ భాగఫలం చాలా విడతల్లో రెండుకు అటూఇటూగానే ఉంటుంది. మన లెక్కలో ఆల్ఫా-బీటాకు మిగిలిన హద్దు సగటున అయిదున్నర రెట్లు కదా అని అడగవచ్చు. నిజమే. నేటి ప్రోగ్రామ్‌లు అక్కడితో ఆగవు. వరుస మీద ఎంత నమ్మకం కుదిరిందంటే, వరుసలో వెనక ఉన్న ఎత్తులను కావాలనే తక్కువ లోతు చూసి వదిలేస్తాయి. అందులో ఏదైనా అనుమానంగా కనిపిస్తేనే పూర్తి లోతు చూస్తాయి. ఇక్కడ మాత్రం జవాబు తప్పే అవకాశాన్ని తెలిసే నెత్తికెత్తుకుంటున్నారు. ఆ వరుసలను గమనిస్తూ ఉంటే ఎక్కడో ఒకచోట `pv`లో మొదటి ఎత్తు ఉన్నట్టుండి మారిపోతుంది, సాధారణంగా ఆ విడతలోనే `nodes` కూడా ఒక్కసారిగా ఉబ్బుతుంది. ముందు విడతలు ఇచ్చిన వరుస తప్పిన చోటు అదే.